కుంకుమపువ్వు ఫొటో చూసి ఆర్డర్ పెట్టే ముందు

కశ్మీర్‌లోని పాంపోర్‌లో అక్టోబరు చివర్లో, నవంబరులో కోత. ఆ తర్వాత వాట్సాప్‌లో ఫొటోలు మొదలవుతాయి. డబ్బు పంపే ముందు ఇవి చూడండి.

డబ్బా ఫొటో ఒక్కటే చూసి డబ్బు పంపొద్దు. తెల్ల కాగితం మీద నాలుగు పోగులు విడదీసి, పగటి వెలుతురులో దగ్గరగా తీసిన ఫొటో అడగండి. కుప్పగా పోస్తే ఏదైనా అసలుదిలాగే కనిపిస్తుంది.

పోగు చివర చూడండి. అసలుది ఒక కొసన సన్నగా మొదలై, రెండో కొసకి వెడల్పై, సన్నాయి మూతిలా విచ్చుకుంటుంది. అంచు కాస్త చిరిగినట్టుంటుంది. రంగేసిన మొక్కజొన్న పీచు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందం. మన తాండూరు వైపు పండే కుసుమ పూరేకులు సన్న గొట్టంలా ఉండి, కొసన చిన్న చిన్న పాయలుగా చీలతాయి.

రంగు ముదురు ఎరుపు, అంచు దగ్గర కొంచెం నారింజ. కింద పసుపు తోక ఉంటే నకిలీ అనుకోకండి, అది లచ్ఛా రకం. తోక తీసేసింది మోంగ్రా. మోంగ్రా ధర తీసుకుని లచ్ఛా ఇస్తేనే మోసం.

నూనె రాసినట్టు మెరుస్తుంటే బరువు పెంచారేమోనని అడగండి.

డబ్బా వెనక వైపు ఫొటో కూడా కావాలి: 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, నికర బరువు, ప్యాకింగ్ తేదీ. గ్రాముకి దాదాపు 150 పూలు కావాలి, కాబట్టి వంద రూపాయల గ్రాము గురించి ఆలోచించనక్కర్లేదు.

రంగు కలిపారా అన్నది మాత్రం ఫొటో చెప్పదు. అందుకే మొదట ఒక్క గ్రామే తెప్పించండి.