ప్యాక్‌స్టేషన్‌లో పార్సెల్ ఆగిపోయిందా? గడువు లోపల ఏం చేయాలి, దాటాక ఏం చేయాలి

జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లల్లో చాలామంది ఇంటి అడ్రస్‌కు బదులు దగ్గర్లోని పసుపు రంగు లాకర్‌కు, అంటే డీహెచ్‌ఎల్ ప్యాక్‌స్టేషన్‌కు పార్సెళ్లు తెప్పించుకుంటారు. క్లాసులో ఉన్నా పార్ట్‌టైమ్ పనిలో ఉన్నా టెన్షన్ ఉండదు, అర్ధరాత్రైనా వెళ్లి తెచ్చుకోవచ్చు. అయితే పార్సెల్ అక్కడ ఉండేది మామూలుగా ఏడు రోజులే. ఆలోగా తీసుకోకపోతే పంపినవారికి తిరిగి వెళ్లిపోతుంది. ఇంకో రెండు రోజులు ఉంచమని అడిగే వీలు లేదు. కాబట్టి కింద చెప్పిన వాటిలో మీ సమస్య ఏదైనా, ముందు యాప్ తెరిచి చివరి తేదీ చూడండి. ఆదివారం సెలవు కదా అని మీ అంతట మీరు ఒక రోజు కలుపుకోవద్దు.

సమస్య: పార్సెల్ వచ్చిందని మెసేజ్ ఉంది, లాకర్ మాత్రం తెరుచుకోవడం లేదు

ముందు మెసేజ్‌లో ఉన్న ప్యాక్‌స్టేషన్ నంబరు చూసి, లాకర్ మీద ఉన్న నంబరుతో పోల్చండి. మీరు ఎంచుకున్న లాకర్ నిండిపోతే పార్సెల్‌ను దగ్గర్లోని వేరే లాకర్‌కో, పోస్టాఫీసు కౌంటర్‌కో మళ్లిస్తారు. ఎప్పుడూ వెళ్లే చోటికే అలవాటుగా వెళ్తే అక్కడ మీ పార్సెల్ ఉండదు. కౌంటర్‌కు మళ్లిస్తే ఇంకో తేడా ఉంది. ఈ కౌంటర్లు చాలావరకు కిరాణా కొట్లలో, స్టేషనరీ షాపుల్లో ఉంటాయి. ఆ షాపు తెరిచినప్పుడే పార్సెల్ ఇస్తారు, ఆదివారం మూసేస్తారు. పాస్‌పోర్టు లాంటి గుర్తింపు కార్డు తప్పనిసరిగా తీసుకెళ్లండి.

నంబరు సరిపోతే ఇక చూడాల్సింది ఫోన్. ఈ మధ్య పెట్టిన లాకర్లకు స్క్రీన్ ఉండదు. ఫోన్‌లోని Post & DHL యాప్ బ్లూటూత్ ద్వారా లాకర్‌తో మాట్లాడితేనే తలుపు తెరుచుకుంటుంది. బ్లూటూత్, ఇంటర్నెట్ ఆన్‌లో ఉన్నాయా, యాప్ అడిగిన అనుమతులు ఇచ్చారా చూసుకోండి. చలికాలంలో చార్జింగ్ పది శాతం ఉన్న ఫోన్ లాకర్ ముందే ఆగిపోవచ్చు, కాస్త చార్జ్ చేసుకుని వెళ్లండి.

సమస్య: ఫోన్ మార్చాను, యాప్‌లో లాగిన్ అయ్యాను, కానీ పార్సెల్ తీసుకోనివ్వడం లేదు

అన్నిటికంటే ఎక్కువ రోజులు తినేసేది ఇదే. పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితే చాలదు, ఆ ఫోన్‌ను మీ ఖాతాకు విడిగా యాక్టివేట్ చేయాలి. చేతిలో డీహెచ్‌ఎల్ కస్టమర్ కార్డు ఉంటే దాన్ని స్కాన్ చేస్తే పని అయిపోతుంది. లేకపోతే యాక్టివేషన్ కోడ్ కోసం యాప్‌లోనే అడగాలి. అది మీ ఇంటికి కాగితం ఉత్తరంగా వస్తుంది, ఎస్సెమ్మెస్‌గా కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. సోమవారం పార్సెల్ లాకర్‌లో పడింది, యాప్‌లో చివరి తేదీ వచ్చే సోమవారం. గురువారం పాత ఫోన్ రీసెట్ చేసి అమ్మేశారు. శుక్రవారం రాత్రి లాకర్ దగ్గరికి వెళ్తే సంగతి తెలిసింది, అప్పుడు కోడ్ అడిగారు. శని, ఆదివారాలు గడిచి ఆ ఉత్తరం మంగళవారం వస్తే, సోమవారమే గడువు అయిపోయింది. ఇదే మనిషి సోమవారం మెసేజ్ రాగానే కొత్త ఫోన్‌లో యాప్ పెట్టి కోడ్ అడిగి ఉంటే శుక్రవారానికల్లా ఉత్తరం చేతికొచ్చే అవకాశం ఉండేది. కొత్త ఫోన్ పూర్తిగా యాక్టివేట్ అయ్యేదాకా పాత ఫోన్‌ను రీసెట్ చేయకండి. అన్నిటికంటే మంచిది, పాత ఫోన్‌తోనే వెళ్లి ముందు పార్సెల్ తెచ్చుకోండి.

సమస్య: కౌంటర్‌లో ఉంది, నేను ఊళ్లో లేను

ఇంటి అడ్రస్‌కు వచ్చి, ఎవరూ లేక కౌంటర్‌కు వెళ్లిన పార్సెల్ అయితే మీ పోస్టు డబ్బాలో చీటీ వేసి ఉంటారు. చీటీ మీద ఫలానా వ్యక్తికి ఇవ్వండని అనుమతి రాసి సంతకం చేసి రూమ్‌మేట్‌కు ఇస్తే, వాళ్లు తమ గుర్తింపు కార్డు చూపించి తీసుకోవచ్చు. సంతకం కావాలి కాబట్టి ఈ పని ఊరెళ్లకముందే చేయాలి.

చీటీ అసలు రాకుండానే పార్సెల్ వెనక్కి పోయిందంటే ముందు మీ పోస్టు డబ్బా చూసుకోండి. జర్మనీలో ఫ్లాట్ నంబరు కంటే డబ్బా మీద, కాలింగ్ బెల్ మీద ఉన్న పేరే ముఖ్యం. అద్దెకిచ్చినవారి పేరే ఉండి మీ పేరు లేకపోతే, అలాంటి మనిషి ఇక్కడ లేరని తిప్పి పంపేస్తారు. అప్పుడు ఏడు రోజుల గడువు కూడా మొదలవదు. ఒక స్టిక్కర్ మీద ఇంటిపేరు రాసి అంటించండి.

సమస్య: గడువు దాటింది, వెనక్కి వెళ్తున్నట్టు ట్రాకింగ్ చూపిస్తోంది

ఇక డీహెచ్‌ఎల్‌కు ఫోన్లు చేస్తూ టైమ్ పోగొట్టుకోకండి. తిరుగు ప్రయాణం మొదలయ్యాక దాన్ని ఆపే మార్గం మీ చేతిలో లేదు. ఇప్పుడు మాట్లాడాల్సింది అమ్మినవారితో.

వస్తువు ఇంకా కావాలంటే ఆర్డర్ నంబరు, ట్రాకింగ్ నంబరు ఇచ్చి మళ్లీ పంపమని రాయండి. రెండోసారి పంపే ఖర్చు అడగొచ్చు. వద్దనుకుంటే మాత్రం జాగ్రత్త. పార్సెల్ తీసుకోలేదు కదా, ఆర్డర్ దానంతట అదే రద్దవుతుందని చాలామంది అనుకుంటారు. జర్మన్ చట్టం ప్రకారం 2014 జూన్ నుంచి అలా కుదరదు. ఆన్‌లైన్ షాపులో కొన్నది రద్దు చేసుకుంటున్నామని స్పష్టంగా తెలియజేయాలి. అలా రద్దు చేసుకోవడానికి ఉన్న 14 రోజుల గడువు వస్తువు మీ చేతికి అందాక మొదలవుతుంది కాబట్టి, అందని పార్సెల్‌కు మీ హక్కు ఇంకా ఉన్నట్టే. ఈ ఒక్క వాక్యం మెయిల్ చేయండి, ఆర్డర్ నంబరు, తేదీ మీవి పెట్టుకోండి:

```
Hiermit widerrufe ich den Vertrag über meine
Bestellung Nr. 12345 vom 03.11.2025.
```

మెయిల్ అందిన 14 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి, అయితే వస్తువు తమకు చేరేదాకా ఆపుకునే హక్కు షాపుకు ఉంది. మామూలు డెలివరీ చార్జీ కూడా మీకు వెనక్కి రావాలి. ప్రత్యేకంగా మీ కోసం తయారు చేయించిన వస్తువులకు, త్వరగా పాడయ్యేవాటికి ఈ హక్కు ఉండదు. పాత సామాను అమ్మే సైట్లలో మామూలు మనుషుల దగ్గర కొన్నదానికీ ఉండదు, అక్కడ తిరుగు ఖర్చు మీరే పెట్టుకుంటామని చెప్పి, డబ్బు వాపసు ఇవ్వమని మర్యాదగా అడగడమే దారి. తర్వాత కడతామని ఇన్‌వాయిస్ మీద కొని ఉంటే, పార్సెల్ వెనక్కి వెళ్తోందని ఆ చెల్లింపు యాప్‌లో కూడా నమోదు చేయండి. లేకపోతే చేతికి రాని వస్తువుకు రిమైండర్లు మొదలవుతాయి.

సమస్య: ఇంటి నుంచి అమ్మ పంపిన పార్సెల్‌కు గడువు దాటింది

ఇక్కడ ఏం జరగాలన్నది ఇండియాలో బుక్ చేసినప్పుడే నిర్ణయమైపోతుంది. విదేశీ పార్సెల్ ఫారంలో, డెలివరీ కాకపోతే ఏం చేయాలని పంపినవారిని అడుగుతారు. వెనక్కి పంపమంటే తిరుగు ఖర్చు అమ్మ మీదే పడవచ్చు. వదిలేయమని గుర్తు పెడితే ఏదీ తిరిగి రాదు. పచ్చళ్లు, పొడులు అయితే నెలల తర్వాత తిరిగొచ్చినా పనికిరావు కాబట్టి వదిలేయమనడమే నయం. బట్టలు, సర్టిఫికెట్ల కాపీలు అయితే వెనక్కి పంపమనాలి. కౌంటర్‌లో గుమాస్తా అలవాటుగా ఒక గడిలో టిక్ పెట్టేలోపు, ఏది కావాలో ఆమె చెప్పగలిగేలా ముందే ఫోన్‌లో మాట్లాడుకోండి.