తొమ్మిదో నెలలో తల దిగాక: ఊపిరి, మూత్రం విషయంలో జాగ్రత్తలు

మా చెల్లెలు తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చినప్పుడు మూడు దిండ్లు పెట్టుకుని, సగం కూర్చున్నట్టే నిద్రపోయేది. రెండు ముద్దలు ఎక్కువ తింటే ఆయాసం, గుండెల్లో మంట. 37వ వారంలో ఒకరోజు పొద్దున్నే లేచి, "అక్కా, రాత్రి ఒక్క దిండుతోనే పడుకున్నా, ఊపిరి హాయిగా ఆడింది" అంది. అమ్మ దాని పొట్ట వైపు చూసి, "కడుపు జారిందే, అందుకే" అంది. ఆ సాయంత్రానికి రెండో సంగతి మొదలైంది. గంటకోసారి బాత్రూమ్‌కి పరుగు. వెళ్తే వచ్చేది నాలుగు చుక్కలే.

నేను నర్సుని. మా ఓపీకి వచ్చే ఆడవాళ్ళకు చెప్పే మాటల్ని మా చెల్లెలికి సమయానికి చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

36వ వారం వచ్చేసరికి గర్భసంచి పైభాగం రొమ్ము ఎముక కింది కొసను తాకేంత ఎత్తుకు వస్తుంది. ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే డయాఫ్రమ్ అనే కండరాన్ని అది పైకి నెడుతుంది. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది అందుకే. బిడ్డ తల కటి ఎముకల వలయంలోకి దిగగానే గర్భసంచి కూడా కాస్త కిందికి జారుతుంది. పైన చోటు దొరుకుతుంది, ఊపిరి ఆడుతుంది, తిన్నది పైకి తన్నడం తగ్గుతుంది. కానీ మూత్రాశయం ఉండేది సరిగ్గా ఆ వలయంలో, గర్భసంచికి ముందువైపే. తల దాన్ని ఒత్తడంతో అది సగం నిండకముందే నిండినట్టు అనిపిస్తుంది. తుమ్మినా దగ్గినా కొంచెం కారిపోవడం, పొత్తికడుపులో బరువు, కాళ్ళు ఎడంగా వేసి నడవడం కూడా దీంతో వచ్చేవే.

తొలి కాన్పులో ఇది సాధారణంగా నొప్పులకు రెండు నుంచి నాలుగు వారాల ముందు జరుగుతుంది. రెండో కాన్పు, మూడో కాన్పు వాళ్ళలో చాలామందికి నొప్పులు మొదలయ్యాకే తల దిగుతుంది. కాబట్టి "మా తోటికోడలికి 36వ వారంలోనే దిగింది, నాకింకా దిగలేదు" అని టెన్షన్ పడక్కర్లేదు. దిగితే రేపే కాన్పు అనీ కాదు. డాక్టరు పొట్ట మీద చెయ్యి పెట్టి, తలను ఐదు భాగాలుగా లెక్కేసి, ఎన్ని భాగాలు చేతికి తగులుతున్నాయో చూస్తారు. రెండు లేదా అంతకన్నా తక్కువ తగిలితే తల ఫిక్స్ అయినట్టు. చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆ మాట అడిగి తెలుసుకోండి. ఎందుకు తెలిసుండాలో కింద చెప్తాను. తల దింపుతామని పొట్ట పిసికించుకోవడం, ఆముదం తాగడం మాత్రం వద్దు.

మా చెల్లెలు చేసిన తప్పు చాలామంది చేసేదే. మాటిమాటికీ లేవలేక నీళ్ళు తాగడం తగ్గించేసింది. చుట్టాలు వచ్చినప్పుడు గంటలకొద్దీ ఆపుకుని కూర్చుంది. మూడో రోజుకి మూత్రం చిక్కటి పసుపు రంగులోకి మారింది, కొంచెం మంట. "వేడి చేసింది, మజ్జిగ తాగు" అన్నారు ఇంట్లో. నాలుగో రోజు రాత్రి చలి వణుకు, జ్వరం, నడుము పైన కుడిపక్క పక్కటెముకల కింద పోటు. ఆసుపత్రిలో మూత్రం పరీక్షలో చీము కణాలు కనిపించాయి. ఇన్‌ఫెక్షన్ మూత్రపిండం దాకా పాకిందని అడ్మిట్ చేసి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. దీనివల్ల నొప్పులు ముందే వచ్చే ప్రమాదం ఉంటుంది. మా చెల్లెలికి రాలేదు, జ్వరం తగ్గాక ఇంటికి తీసుకొచ్చాం.

ఈ రోజుల్లో నీళ్ళు తగ్గించకూడదు. తాగే వేళ మార్చుకోవాలి, అంతే. గుండె, కిడ్నీ సమస్యలుండి డాక్టరు తగ్గించమని చెప్పినవాళ్ళు తప్ప, మిగతావాళ్ళు రోజుకి రెండున్నర నుంచి మూడు లీటర్లు తాగాలి. అందులో ఎక్కువ భాగం సాయంత్రం లోపే అయిపోవాలి. పడుకునే ముందు గంటన్నర, రెండు గంటలు గుటక, రెండు గుటకలతో సరిపెట్టుకోండి. సాయంత్రం ఒక గంట ఎడమపక్కకి తిరిగి, కాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకుంటే కాళ్ళలో చేరిన నీరు అప్పుడే మూత్రంగా దిగిపోతుంది. రాత్రి లేచే సార్లు తగ్గుతాయి.

మూత్రానికి వెళ్ళినప్పుడు తొందరపడి లేవకండి. కూర్చుని, ఒళ్ళు కొంచెం ముందుకు వంచండి. అయిపోయిందనిపించాక అర నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నించండి. తల అడ్డంగా ఒత్తడంవల్ల లోపల నిలిచిపోయినది అప్పుడు వస్తుంది. నిలవ ఉంటే ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది. రాత్రిపూట బాత్రూమ్ దాకా చిన్న లైటు వేసి ఉంచండి, నేల తడి లేకుండా చూడండి. నిద్రమత్తులో, ముందుకి తూగే పొట్టతో కాలు జారితే ప్రమాదం పెద్దది.

ఇక కారింది మూత్రమా, ఉమ్మనీరా అన్న అనుమానం. బాత్రూమ్‌కి వెళ్ళి పూర్తిగా పోసి, పొడి ప్యాడ్ పెట్టుకుని అరగంట పడుకోండి. లేచి నిలబడగానే మళ్ళీ తడి అయితే, అందులో మూత్రం వాసన లేకపోతే, అది ఉమ్మనీరు కావచ్చు. అనుమానం తీరకపోయినా ఆసుపత్రికే వెళ్ళాలి. నీరు ఒక్కసారిగా పోయినా, ఆకుపచ్చగా ఉన్నా, రక్తం కనిపించినా ఈ పరీక్షలేమీ వద్దు, వెంటనే బయలుదేరండి. ముందు తల ఫిక్స్ అయిందా అని అడిగి ఉంచుకోమన్నది ఇందుకే. తల పైనే ఉండగా నీరు పోతే, ఆ ఖాళీలోంచి బొడ్డుతాడు బిడ్డకన్నా ముందు కిందికి జారవచ్చు. తల ఇంకా దిగలేదని తెలిసినవాళ్ళు నీరు పోగానే నడవకుండా, నడుము కింద దిండ్లు పెట్టి ఎడమపక్కకి పడుకుని 108కి ఫోన్ చేయించాలి. తాడు బయటికి తగిలితే చేత్తో లోపలికి నెట్టకూడదు.

37 వారాలు నిండకముందే కింద బరువుగా ఉండి, పొట్ట ఆగి ఆగి గట్టిపడుతుంటే అది తల దిగడం అనుకుని ఊరుకోవద్దు. నెలలు నిండకుండా వచ్చే నొప్పులు అలాగే మొదలవుతాయి.

ఊపిరి సంగతి కూడా గమనించండి. తల దిగాక ఆయాసం తగ్గాలి. తగ్గకుండా ఉంటే రక్తం తక్కువగా ఉందేమో హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. ఉన్నట్టుండి పెరిగినా, పడుకుంటే ఊపిరి అందక లేచి కూర్చోవాల్సి వచ్చినా, ఛాతీలో నొప్పి ఉన్నా ఆ రాత్రికి ఆగొద్దు. ఆయాసంతో పాటు మొహం వాపు, తలనొప్పి, కళ్ళు మసకలు, మూత్రం బాగా తగ్గిపోవడం ఉంటే బీపీ పెరిగిందన్న అనుమానం పెట్టుకోవాలి.

"తల దిగితే బిడ్డ కదలదు" అని పెద్దవాళ్ళు అంటుంటారు. అది నిజం కాదు. తన్నుల తీరు మారి దొర్లినట్టు, ఒత్తినట్టు అనిపించవచ్చు. కదలికలు మాత్రం తగ్గకూడదు. అనుమానం వస్తే ఏదైనా తిని, ఎడమపక్కకి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో 10 కదలికలు తెలియకపోతే, ఎంత రాత్రయినా సరే, ఇంట్లోవాళ్ళని లేపి ఆసుపత్రికి వెళ్ళండి.