చీలమండ లోపలి పక్క నొప్పి, పాదం చదునవుతోందా? ఇంట్లో ఇలా చూసుకోండి

సింహాచలం గిరి ప్రదక్షిణ అయిన వారం, పది రోజుల్లో మా ఫిజియోథెరపీ గదికి కాళ్ల నొప్పులతో వచ్చేవాళ్లు ఎక్కువవుతారు. 32 కిలోమీటర్లు, అదీ చాలామంది వట్టి కాళ్లతో. బొబ్బలు, పిక్కల నొప్పి నాలుగు రోజుల్లో సర్దుకుంటాయి. ఎంవీపీ కాలనీ నుంచి వచ్చిన 52 ఏళ్ల ఆవిడకు మాత్రం రెండు నెలలైనా తగ్గలేదు. "బెణికిందండీ, క్రేప్ బ్యాండేజీ చుడుతూనే ఉన్నా" అన్నారు. బెణుకు సాధారణంగా చీలమండ బయటి పక్కన అవుతుంది. ఆవిడకు వాపు లోపలి గుబ్బ వెనకాల ఉంది. గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్లో కుడిదాని లోపలి అంచు బాగా అరిగిపోయింది.

పిక్క లోతుల్లోంచి బయల్దేరి, ఆ గుబ్బ వెనకగా మలుపు తిరిగి, పాదం నడిమి ఎముకలకు అతుక్కునే పోస్టీరియర్ టిబియల్ టెండన్ ఒకటి ఉంది, కండరాన్ని ఎముకకు కట్టిపట్టే తాడులాంటిది. పాదం వంపును పైకి లాగి పట్టేది అదే. నలభై దాటిన ఆడవాళ్లలో, బరువు, షుగర్, బీపీ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా దెబ్బతింటుంది. బట్టలారేసే తాడు సాగితే బట్టలు నేలకు దిగినట్టు, ఇది సాగితే వంపు దిగిపోతుంది.

మొదట వెనక నుంచి చూడాలి. నిటారుగా నిలబడి, మడమల వెనక నుంచి ఇంట్లో ఎవరితోనైనా ఫోన్లో ఫోటో తీయించండి. నొప్పి ఉన్న వైపు మడమ బయటికి ఒరిగి, చిటికెనవేలి పక్కన రెండు మూడు వేళ్లు అదనంగా కనిపిస్తే అనుమానించాలి. చిన్నప్పటి నుంచీ రెండు పాదాలూ చదునుగా ఉండటం వేరు. ఒక్క పాదమే కొత్తగా దిగడం వేరు.

తర్వాత గోడ మీద చేతులు ఆనించి, ఒంటికాలిపై మడమ ఎత్తి చూడండి. బాగున్న కాలి మడమ పైకి లేస్తూ లోపలికి తిరుగుతుంది. టెండన్ బలహీనపడితే మడమ తిరగదు, లేదా అసలు లేవదు. నొప్పి ఎక్కువైతే అక్కడితో ఆపేయండి, బలవంతంగా ఎత్తొద్దు. ఎంవీపీ కాలనీ ఆవిడకు ఎడమ కాలిపై మడమ పదిసార్లు లేచింది, కుడివైపు ఒక్కసారీ లేవలేదు.

అలా లేవకపోతే ఎముకల డాక్టర్‌కి చూపించాల్సిందే. ఎక్స్‌రే నిలబెట్టి తీయమని అడగండి. పడుకోబెట్టి తీస్తే బరువు పడదు, దిగిన వంపు కూడా మామూలుగా కనిపించవచ్చు. ఆవిడ మొదట తీయించిన ఎక్స్‌రే అలాంటిదే, అందుకే "ఏమీ లేదు" అని వచ్చింది. టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాత్రం వద్దు, అది తెగిపోయే ప్రమాదం ఉంది.

కూర్చుని కాలు వేలాడేస్తే వంపు మళ్లీ కనిపిస్తోందా? అయితే పాదం ఇంకా మెత్తగా ఉంది, ఆసరాలూ వ్యాయామమూ పనిచేసే అవకాశం బాగుంది. బిగుసుకుపోతే ఆసరాలు నొప్పి తగ్గిస్తాయి కానీ ఆకారం మార్చవు, ఆపరేషన్ మాట సర్జన్‌తో మాట్లాడాలి.

మొదటి మూణ్నాలుగు వారాలు పని తగ్గించడమే వైద్యం. నొప్పి బాగా ఉంటే డాక్టర్ వాకింగ్ బూట్ ఇస్తారు. లేకపోతే మడమ గట్టిగా పట్టే షూ, అందులో వంపు కింద ఎత్తున్న ఇన్‌సోల్. ఇంట్లో కూడా వేసుకోవాలి, ఇక్కడే అందరూ తప్పుతారు. ఆర్కే బీచ్ ఇసుకలో నడక ఆపేయండి. ఏటవాలు ఇసుకలో పాదం ఒరిగి టెండన్ ఇంకా లాగుతుంది.

వాపు తగ్గాక వ్యాయామం. కుర్చీలో కూర్చుని పాదం నేలకు ఆనించండి. రబ్బరు బ్యాండును పాదం ముందు భాగానికి తగిలించి, రెండో కొసను బయటి పక్కనున్న టేబుల్ కాలికి కట్టండి. మడమ కదలకుండా, మోకాలు ఊగకుండా పాదాన్ని లోపలికి లాగి, వచ్చేటప్పుడు నెమ్మదిగా వదలండి. పదిసార్లు చొప్పున మూడు విడతలు.

అది నొప్పి లేకుండా సాగితే, వంటగట్టు పట్టుకుని రెండు మడమల మధ్య టెన్నిస్ బంతి ఇరికించి, రెండు కాళ్లతో మెల్లగా పైకి లేవండి. ఆవిడ మొదటి రోజు నాలుగోసారికే బంతి జారి స్టవ్ కిందికి దొర్లింది. మడమ లోపలికి తిరగనప్పుడు అది జారుతుంది. అలసట ఎక్కడ మొదలైందో బంతే చెప్పేస్తుంది, అక్కడ ఆపండి. పిక్క సాగదీసేటప్పుడు షూ వేసుకునే చేయండి, వట్టి కాలితో చేస్తే పిక్కకు బదులు వంపు సాగుతుంది. మర్నాడు పొద్దున వాపు పెరిగితే ముందురోజు ఎక్కువైనట్టే, సగానికి తగ్గించండి.

పన్నెండో వారానికి ఆవిడ కుడికాలిపై ఐదుసార్లు లేచారు. వంపు పూర్తిగా తిరిగి రాలేదు, ఇన్‌సోల్ కొనసాగుతోంది. బీచ్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద షూతో అరగంట నడుస్తున్నారు. ఈ ఏడాది ప్రదక్షిణ వద్దన్నాను. అలిగి, అప్పన్న దర్శనానికి కొండ పైకి బస్సులో వెళ్లొచ్చారు.