డాక్టర్ ముక్కుసూటిగా రాసిన చేదు కబురును నిజం చెడకుండా తిరగరాయడం ఎలా?

"సీటీలో పాంక్రియాస్ క్యాన్సర్. లివర్‌కి పాకింది, స్టేజ్ 4. ఆపరేషన్ కుదరదు. కీమో ఇచ్చినా నయం కాదు. టైమ్ నెలల్లోనే."

డాక్టర్ హడావుడిలో ఇలా రాసి, పేషెంటుకు చెప్పేలా మార్చమన్నారనుకుందాం.

ముందే వాక్యాల జోలికి వెళ్లకండి. అందులోని నిజాలకు నంబర్లు వేయండి: జబ్బు పేరు, పాకిన చోటు, ఆపరేషన్ లేకపోవడం, నయం కాకపోవడం, మిగిలిన కాలం. ఈ ఐదూ చివరిదాకా నిలవాలి.

తర్వాత ఖాళీలు వెతకండి. "నెలల్లోనే" అంటే రెండా, పదకొండా? నయం కానప్పుడు కీమో ఎందుకు? మీరే ఊహించి నింపకుండా డాక్టర్నే అడగండి. ఆయన ఇలా చెప్పారనుకోండి: "సంవత్సరాలు కాదు, కొన్ని నెలలు. ఖచ్చితంగా చెప్పలేం. కీమో జబ్బును కొంతకాలం అదుపులో ఉంచొచ్చు. నొప్పికి మందులు ఈ రోజే మొదలుపెడతాం."

ఇప్పుడు రాయండి. మొదటి వాక్యం మనసును సిద్ధం చేయాలి, రెండోది అసలు విషయం చెప్పేయాలి. మధ్యలో ఉపోద్ఘాతం పెరిగితే అది దయ కాదు, సస్పెన్స్.

"స్కాన్ రిపోర్టు వచ్చింది. మనం కోరుకున్నట్టు లేదు. మీకు పాంక్రియాస్‌లో క్యాన్సర్ ఉంది. అది లివర్‌కి కూడా పాకింది, దీన్నే స్టేజ్ 4 అంటారు. అందుకే ఆపరేషన్ కుదరదు. కీమో ఈ జబ్బును నయం చేయదు, కొంతకాలం అదుపులో ఉంచొచ్చు. మిగిలిన సమయం సంవత్సరాలు కాదు, కొన్ని నెలలు అనుకుంటున్నాం. ఇంతకంటే కచ్చితంగా చెప్పలేం. ఈ మాట చెప్పాల్సి రావడం మాకూ బాధగా ఉంది. నొప్పికి మందులు ఈ రోజే మొదలుపెడతాం. ఇప్పుడు ముందుగా ఏం అడగాలనుంది?"

ఎక్కువగా చెడిపోయేది మాటల ఎంపికలోనే. క్యాన్సర్‌ను "గడ్డ" అంటే ప్రమాదం లేనిదనుకుంటారు. "కీమో మొదలుపెడదాం" అని ఆపేస్తే తగ్గిపోతుందనుకుంటారు. "క్షమించండి" అంటే ఎవరో పొరపాటు చేశారేమోనన్న అనుమానం వస్తుంది, అందుకే పైన "బాధగా ఉంది" అని రాశాం. "ఇక చేసేదేం లేదు" అన్నది కటువుగా ఉండటమే కాదు, అబద్ధం కూడా: నొప్పి తగ్గించడం చికిత్సే.

రాశాక, ఒరిజినల్ చూడని సహోద్యోగికి పేర్లు లేకుండా చదివి వినిపించండి. ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పమనండి. ఐదింట్లో ఏది రాకపోతే ఆ వాక్యం మెత్తబడిందన్నమాట. సాధారణంగా జారిపోయేది నాలుగోదే. దాన్ని సరిచేసి డాక్టర్‌కు చూపించండి.

దీన్ని ఫోన్‌కు మెసేజ్‌గా పంపకండి, ఎదురుగా కూర్చుని చెప్పడానికే వాడాలి. "క్యాన్సర్" అన్న మాట తర్వాత ఆగండి. కాసేపటిదాకా ఏమీ చెవికెక్కదు, అవతలి వాళ్లు తేరుకుని చూశాకే తర్వాతి వాక్యం.