సంక్రాంతికి ఊరెళ్లే ముందు విండోస్ హోమ్ పీసీ వాళ్లు చూసుకోవాల్సినవి

పండక్కి ఊరెళ్తూ హైదరాబాద్ రూమ్‌లో పీసీ ఆన్‌లో పెట్టేసి, అక్కడ్నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో పని చేసుకుందాం అనుకుంటున్నారా, అయితే ముందు రూమ్‌లోని పీసీలో `winver` అని కొట్టి ఏ ఎడిషనో చూడండి. హోమ్ అయితే కుదరదు. పోయినేడు మా తమ్ముడు ఇది ఊరెళ్లాక తెలుసుకుని, చివరికి తిరుగు బస్సెక్కాడు.

చాలామందికి తికమక ఎక్కడంటే, హోమ్‌లో కూడా రిమోట్ డెస్క్‌టాప్ యాప్ `mstsc` ఓపెన్ అవుతుంది కదా అని. అది వేరే పీసీకి మనం కనెక్ట్ అవ్వడానికి మాత్రమే. బయటి నుంచి వచ్చే కనెక్షన్ తీసుకునే పని `termsrv.dll` ది, ఆ ఫైల్ హోమ్‌లోనూ ఉంటుంది గానీ ఎడిషన్ లైసెన్స్ చూసి ఒప్పుకోదు, అందుకే రిజిస్ట్రీలో `fDenyTSConnections` సున్నా చేసినా, ఫైర్‌వాల్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్ట్ తెరిచినా లాభం లేదు.

ఇక్కడే అందరూ హోమ్‌లోనూ బయటి కనెక్షన్లు ఒప్పుకునేలా చేసే ఆర్‌డీపీ రాపర్ అనే టూల్ వైపు వెళ్తారు. దయచేసి ప్రయాణం ముందు దాని జోలికి పోవద్దు. అది `termsrv.dll` వెర్షన్‌ని బట్టి `rdpwrap.ini` లో ఉన్న నంబర్లతో నడుస్తుంది, మీరు ఊళ్లో ఉండగా విండోస్ అప్‌డేట్ వచ్చి ఆ ఫైల్ మారిందంటే కనెక్షన్ పోతుంది, సరిచేయడానికి పీసీ దగ్గర మీరుండరు. పైగా యాంటీవైరస్ దాన్ని తీసేసే ఛాన్స్ ఉంది, లైసెన్స్ రూల్స్‌కి కూడా విరుద్ధం.

డబ్బు పెట్టగలిగితే ప్రో కి అప్‌గ్రేడ్ అవ్వండి, ఫైల్స్ అలాగే ఉంటాయి. కానీ రౌటర్‌లో 3389 ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవొద్దు, పాస్‌వర్డ్‌లు గెస్ చేసే బాట్‌లు ఆ పోర్ట్ కోసమే తిరుగుతుంటాయి. రెండు వైపులా టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పెట్టి లోపల్నుంచి కనెక్ట్ అవ్వండి.

డబ్బు పెట్టకూడదంటే నా ఓటు క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌కే. రూమ్‌లోని పీసీలో `remotedesktop.google.com/access` ఓపెన్ చేసి ఇన్‌స్టాల్ చేయండి, కనీసం 6 అంకెల పిన్ అడుగుతుంది, పుట్టినరోజు పెట్టకండి. పోర్ట్‌లేమీ తెరవక్కర్లేదు, రీస్టార్ట్ అయ్యాక లాగిన్ స్క్రీన్ దగ్గర కూడా పనిచేస్తుంది. గూగుల్ అకౌంట్‌కి టూ స్టెప్ తప్పకుండా ఆన్ చేయండి, ఆ అకౌంట్ వేరేవాళ్ల చేతికి పోతే పీసీకి కూడా ముప్పే. క్విక్ అసిస్ట్ మాత్రం దీనికి పనికిరాదు, అవతల మనిషి కూర్చుని ఒప్పుకోవాలి.

బయల్దేరే ముందురోజు పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ ని నెవర్ చేయండి, ల్యాప్‌టాప్ అయితే మూత మూసినా ఏమీ చేయకుండా సెట్ చేయండి. డెస్క్‌టాప్ అయితే కరెంట్ పోయి వచ్చినప్పుడు తనంతట తానే ఆన్ అయ్యే ఆప్షన్ బయాస్‌లో ఉంటే పెట్టండి. తర్వాత పీసీ రీస్టార్ట్ చేసి ముట్టుకోకుండా, ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటాతో కనెక్ట్ అయి చూడండి. ఇంటి వైఫైలో పనిచేసిందంటే సరిపోదు. లాగిన్ స్క్రీన్ కనిపించి, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లగలిగితేనే బ్యాగ్ సర్దుకోండి.