కొత్త ఇంట్లో లోపాలు: బిల్డర్‌కు తనిఖీ మెయిల్ నుంచి తెలంగాణ రెరా దరఖాస్తు వరకు

ఇల్లు అప్పగించిన తేదీ నుంచి ఐదేళ్లలోపు బయటపడిన లోపాలను బిల్డర్ పైసా తీసుకోకుండా సరిచేయాలని రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే 2016 నాటి రెరా చట్టంలోని 14(3) సెక్షన్ చెబుతోంది. నిర్మాణంలో లోపం, పనితనంలో లోపం, నాణ్యతలో లోపం అన్నీ దీని కిందికే వస్తాయి. లోపాన్ని బిల్డర్ దృష్టికి తెచ్చాక 30 రోజుల్లో పని పూర్తి కావాలి. కాకపోతే కొన్నవాళ్లకు పరిహారం అడిగే హక్కు వస్తుంది.

ఈ 30 రోజుల లెక్కకు మొదలు ఎక్కడో చూపించలేకనే చాలా ఫిర్యాదులు బలహీనపడతాయి. సైట్ ఇంజనీర్‌కు ఫోన్‌లో చెప్పడం, వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టడం లోపాన్ని దృష్టికి తేవడమే కావచ్చు. కానీ ఏ రోజు, ఎవరికి, ఏ లోపం గురించి చెప్పారన్నది తర్వాత వాదనగా మారుతుంది. తేదీతో పంపిన ఒక్క మెయిల్ ఉంటే ఆ వాదనే ఉండదు. ఈ చట్టం కింద ఏర్పడిన రెరా అథారిటీలో దాఖలు చేసే దరఖాస్తుకు అసలు ఆధారం ఈ మెయిలే.

తనిఖీ ఇంటీరియర్ పనులకు ముందే జరగాలి. మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, వార్డ్‌రోబ్‌ల కోసం గోడలకు రంధ్రాలు వేశాక ఏ పగులు చూపించినా "మీ కార్పెంటర్ కొట్టిన దెబ్బకే వచ్చింది" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. పైగా కొనుగోలుదారు చేయించుకున్న మార్పుల వల్ల వచ్చిన లోపాలకు బాధ్యత లేదని చాలా ఒప్పందాల్లో రాసే ఉంటుంది. తాళాలు ఇచ్చేటప్పుడు "అన్నీ బాగున్నాయి" అనే కాగితం మీద సంతకం అడిగితే, సంతకం పైన "లోపాల జాబితా విడిగా పంపుతున్నాం" అని చేత్తో రాసి, దాన్ని ఫొటో తీసుకోండి. హైదరాబాద్‌లో జూలై, ఆగస్టు నెలలు ఈ తనిఖీకి మంచి కాలం. టెర్రస్ మీదా కిటికీల దగ్గరా వాన తన పరీక్ష తానే చేసిపెడుతుంది.

మెయిల్ ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చూద్దాం. తెల్లాపూర్ వైపు గేటెడ్ కమ్యూనిటీలో ఒక డూప్లెక్స్ విల్లా అనుకుందాం. శనివారం తనిఖీ చేసి, సోమవారం మెయిల్ పంపారు.

> విషయం: విల్లా 27 – 12-07-2025 తనిఖీలో గుర్తించిన లోపాలు – రెరా చట్టం సెక్షన్ 14(3) కింద సమాచారం
>
> గౌరవనీయులైన ప్రాజెక్ట్ మేనేజర్ గారికి,
>
> మా విల్లాను 20-06-2025న అప్పగించారు. 12-07-2025న మీ సైట్ ఇంజనీర్ సమక్షంలో తనిఖీ చేయగా కింది లోపాలు కనిపించాయి.
>
> 1. పై అంతస్తు మాస్టర్ బాత్రూమ్: నేల మీది నీళ్లు పోయే నహానీ ట్రాప్ మూసి 25 మి.మీ. నీళ్లు నిలిపాం. 24 గంటల్లో మట్టం 9 మి.మీ. తగ్గింది. కింద హాల్ సీలింగ్‌లో చెమ్మ మరక అరడుగు నుంచి అడుగున్నర వెడల్పయింది. టైల్స్ తీసి, వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ వేసి, టైల్స్ పరిచేముందు 48 గంటలు నీళ్లు నిలిపి మాకు చూపించాలి. ఫొటోలు 1A, 1B, 1C.
>
> 2. పై అంతస్తు పిల్లల గది, తూర్పు గోడ: బీమ్ కింద గోడ పొడవునా అడ్డంగా పగులు, 7 అడుగులు. 0.5 మి.మీ. పెన్సిల్ ములుకు లోపలికి దిగుతోంది. ప్లాస్టరింగ్ కోసి, మెష్ వేసి, మళ్లీ పూయాలి. ఫొటోలు 2A, 2B.
>
> 3. టెర్రస్, వాయవ్య మూల: వాన ఆగిన 24 గంటల తర్వాత కూడా 15 మి.మీ. లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి. వాన నీటి పైపు నోరు చుట్టూ ఉన్న గచ్చు కంటే ఎత్తుగా ఉంది. పైపు నోరు దించి, వాలు సరిచేయాలి. ఫొటోలు 3A, 3B.
>
> 4. వంటగది, ఫ్రిజ్ సాకెట్: టెస్టర్‌లో ఎర్త్ లేనట్టు చూపిస్తోంది. వైరింగ్ సరిచేసి, మిగతా సాకెట్లు కూడా పరీక్షించి చూపించాలి. ఫొటో 4A.
>
> ఈ పనులు 13-08-2025లోపు పూర్తి చేయాలని, ఏ రోజు ఏ పని మొదలవుతుందో వారంలోపు తెలియజేయాలని కోరుతున్నాం.

ప్రతి అంశంలో నాలుగు సంగతులు కనిపిస్తాయి: ఎక్కడ, ఏం కనిపించింది, ఎలా కొలిచాం, ఏం చేయాలి. చివరిదాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. మెయిల్‌లో "హాల్ సీలింగ్‌లో మరక" అని మాత్రమే రాస్తే మేస్త్రీ వచ్చి లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, రంగు వేసి వెళ్తాడు. బిల్డర్ కాగితాల్లో ఆ పని పూర్తయిపోతుంది. రెండు నెలలకు మరక మళ్లీ వస్తుంది, అప్పుడు అది కొత్త ఫిర్యాదు అంటారు. చెమ్మకు మూలం పై బాత్రూమ్ అని మొదటి మెయిల్‌లోనే ఉంటే రంగుతో ముగించే వీలుండదు.

అయితే ఆ మూలం ఊహగా ఉండకూడదు. బాత్రూమ్ నుంచి కారే నీళ్లకు ముఖ్యంగా మూడు దారులుంటాయి, వాటిని విడదీసే పరీక్ష ఇంట్లోవాళ్లే చేయవచ్చు. ముందుగా సీలింగ్ మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ రాయండి. తర్వాత నహానీ ట్రాప్‌ను గుడ్డ చుట్టిన బిరడాతో గట్టిగా మూసి, నేల మీద అంగుళం నీళ్లు నిలిపి, టైల్ మీద మట్టం గీత పెట్టండి. గుమ్మం గట్టు తక్కువ ఎత్తులో ఉంటే నీళ్లు గదిలోకి రాకుండా ముందే చూసుకోవాలి. ఆ రోజంతా ఆ బాత్రూమ్ వాడకూడదు. ఆవిరి వల్ల మట్టం రెండు మూడు మి.మీ. తగ్గడం మామూలే. అంతకంటే బాగా తగ్గి, బిరడా దగ్గర కారకుండా ఉండి, కింద మరక పెన్సిల్ గీత దాటితే నేల వాటర్‌ప్రూఫింగ్‌లో లోపం ఉన్నట్టు.

మట్టం నిలిచి, మరక కదలకుండా ఉండి, బిరడా తీసి నీళ్లు వదిలాకే చెమ్మ పెరిగితే దోషం నేలది కాదు. అది ట్రాప్‌కూ కింది పైపుకూ మధ్య అతుకులోనో, స్లాబ్‌లో పైపు దిగిన రంధ్రం చుట్టూనో ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ ఏమీ తేలకపోయినా మరక పెరుగుతూనే ఉంటే గోడలోని నీళ్ల పైపును అనుమానించాలి. దానికి కుళాయిలన్నీ మూయించి, ప్రెషర్ పంపుతో పరీక్షించమని బిల్డర్‌నే అడగాలి. మూడింటికీ మరమ్మతు వేరు. మొదటిదానికి నేలంతా తవ్వాలి, రెండోదానికి ట్రాప్ చుట్టూ తీస్తే చాలు. ఏది కావాలో మెయిల్‌లో ఉంటే మేస్త్రీ వేరే చోట తవ్వి మన టైల్స్ పాడుచేయడు.

పగుళ్లలో అన్నీ ఒక్కటి కాదు. ఇటుక గోడ పిల్లర్‌కు ఆనే చోట నిటారుగానో, బీమ్‌కు ఆనే చోట అడ్డంగానో తిన్నగా వచ్చేవి ఎక్కువగా ప్లాస్టరింగ్‌కు ముందు ఆ అతుకు మీద చికెన్ మెష్ అనే సన్నని తీగ వల వేయకపోవడం వల్ల వస్తాయి. కాంక్రీటు, ఇటుక ఒకే రీతిలో వ్యాకోచించవు కాబట్టి మధ్యలో ప్లాస్టరింగ్ తెగుతుంది. లప్పంతో పూడ్చితే ఒక ఎండాకాలం దాటేసరికి మళ్లీ తెరుచుకుంటుంది. కానీ గోడకు రెండు వైపులా ఒకేచోట ఏటవాలుగా కనిపించే పగులు, లేదా పిల్లర్, బీమ్‌ల మీదే ఉన్న పగులు వేరే సంగతి. అక్కడ "ప్లాస్టరింగ్ చేయాలి" అని మనమే మందు రాయకూడదు. "స్ట్రక్చరల్ ఇంజనీర్ చేత పరిశీలన చేయించి, సంతకంతో నివేదిక ఇవ్వాలి" అని రాయాలి. రెండు చివర్లా పెన్సిల్ గీత పెట్టి తేదీ వేస్తే పగులు పాకుతోందో లేదో నెలలో తెలుస్తుంది.

ఫొటోల విషయానికొస్తే, ప్రతి లోపానికి గది ఏదో తెలిసేలా దూరం నుంచి ఒకటి, టేపు ఆనించి దగ్గర నుంచి ఒకటి చాలు. ఫైల్ పేరు జాబితా నంబరుతోనే ఉండాలి (1A.jpg, 1B.jpg). జీమెయిల్‌లో 25 ఎంబీ దాటిన అటాచ్‌మెంట్ డ్రైవ్ లింకుగా మారుతుంది. ఏడాది తర్వాత ఆ లింకు తెరుచుకుంటుందన్న భరోసా లేదు. అందుకే సైజు తగ్గించి ఒకే పీడీఎఫ్‌గా జత చేయడం మేలు.

మెయిల్‌ను సేల్స్ అబ్బాయికి కాకుండా ఒప్పందంలో ఉన్న కంపెనీ మెయిల్ ఐడీకి పంపాలి. ఒప్పందంలో నోటీసుల గురించిన పేరా చూడండి. అందులో పోస్టు ద్వారా అని ఉంటే అదే మెయిల్ ప్రింటును పోస్టులో కూడా పంపి, డెలివరీ రుజువు దాచుకోవాలి. పని జరుగుతున్నప్పుడు కూడా కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా అదే మెయిల్‌కు జవాబుగా రాస్తూ పోవాలి. "మేస్త్రీ వచ్చి వెళ్లాడు" అన్నది పని పూర్తి కావడం కాదు. "అంశం 1: 02-08న టైల్స్ తీశారు, 48 గంటల పరీక్ష ఇంకా చూపించలేదు" అని మీరే రాసి పెట్టండి.

30 రోజులు దాటాక తెలంగాణ రెరాలో దరఖాస్తు. rera.telangana.gov.in పోర్టల్‌లో ఖాతా తెరిచి, ఫిర్యాదు నమోదు చేయాలి. ఇక్కడ రెండు ఫారాలున్నాయి, తికమక ఇక్కడే మొదలవుతుంది. లోపాలు సరిచేయమని ఆదేశం కావాలంటే ఫారం ఎం, అది అథారిటీ ముందుకు వెళ్తుంది, రుసుము రూ.1,000. నష్టపరిహారం కావాలంటే ఫారం ఎన్, అది పరిహారం ఎంతో తేల్చే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ ముందుకు వెళ్తుంది, రుసుము రూ.5,000. ఫారం ఎంలో పరిహారం సొమ్ము అడిగితే దాని కోసం మళ్లీ వేరే ఫారం వేయాల్సి వస్తుంది.

ఫారంలో ప్రాజెక్టు రెరా నంబరు (P తో మొదలవుతుంది), బిల్డర్ పేరు ప్రాజెక్టు రెరా రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టే రాయాలి. బ్రోచర్ మీది బ్రాండ్ పేరు, రిజిస్ట్రేషన్‌లోని కంపెనీ పేరు వేరుగా ఉండటం మామూలే. "కేసు వాస్తవాలు" అన్నచోట కథ అక్కర్లేదు. అప్పగించిన తేదీ, మెయిల్ తేదీ, గడువు ముగిసిన తేదీ, ఇంకా మిగిలిన అంశాల నంబర్లు వరుసగా రాస్తే చాలు. "కోరే ఉపశమనం" అన్నచోట మెయిల్‌లోని "ఏం చేయాలి" వాక్యాలే దాదాపు యథాతథంగా వెళ్తాయి. ఇదే విషయం మీద వేరే కోర్టులో కేసు లేదని ధ్రువీకరించాలి. ఒప్పందం, సేల్ డీడ్, అప్పగింత లేఖ, మెయిల్స్ అన్నీ తేదీల వరుసలో, ఫొటోల పీడీఎఫ్ జత చేయాలి.

స్థలం 500 చదరపు మీటర్లు మించని, లేదా ఎనిమిది యూనిట్లు మించని చిన్న ప్రాజెక్టులకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాలనీల్లో కట్టి అమ్మే విడి ఇళ్లు చాలావరకు ఇలాంటివే. వాటికి వినియోగదారుల కమిషన్ దారి ఉంది. ఇంటికి చెల్లించిన మొత్తం రూ.50 లక్షల వరకు అయితే జిల్లా కమిషన్, అంతకు మించి రూ.2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. అక్కడ ఫిర్యాదుకు కారణం ఏర్పడినప్పటి నుంచి రెండేళ్లే గడువు. కాబట్టి అలాంటి ఇళ్లకు రెరా ఐదేళ్లను నమ్ముకుని ఆగకూడదు. మెయిల్ మాత్రం ఇదే తీరులో రాయాలి, విషయంలో సెక్షన్ 14(3) ప్రస్తావన తీసేసి.