తొలి సోలో కచేరీకి ముందు: ప్రతిసారీ మొదటి నుంచి వాయించకండి

ఈ మధ్య ఒక విద్యార్థుల పియానో కచేరీలో ఒకరు సగంలో ఆగిపోయారు. మొదటికి వెళ్లి మళ్లీ ఎత్తుకున్నారు, మళ్లీ అక్కడే ఆగారు. మూడోసారీ అంతే కావడంతో లేచి వెళ్లిపోయారు. సాధన తక్కువై ఇలా జరగదు. రోజూ మొదటి బార్ నుంచే వాయిస్తే ముక్క వేళ్లకు మాత్రమే వస్తుంది. ముందు స్వరం చెయ్యి పట్టుకుని లాగితే తప్ప తర్వాతి స్వరం కదలదు. మధ్యలో పట్టు తప్పితే దిగడానికి ఇంకో మెట్టు ఉండదు.

మోజార్ట్ సి మేజర్ సొనాటా (కె. 545) మొదటి భాగాన్నే తీసుకోండి. మొత్తం 73 బార్లు. రెండో థీమ్ రెండుసార్లు వస్తుంది. రెండుసార్లూ దాని ముందు సంగీతం జి కార్డ్ మీదే ఆగుతుంది. మొదటిసారి అక్కడి నుంచి జి మేజర్‌లోకి, రెండోసారి సి మేజర్‌లోకి వెళ్లాలి. ఇది ఎన్నోసారో వేళ్లకు తెలియదు. కంగారులో అలవాటైన జి వైపే పోతాయి, వెనక్కి వచ్చే దారి ఉండదు. కాబట్టి జి కార్డ్‌కు రెండు బార్ల ముందు నుంచి ఎత్తుకుని, ఒకసారి జి లోకి, వెంటనే ఇంకోసారి సి లోకి వెళ్లండి. ఎటు వెళ్తున్నారో పైకి చెబుతూ వాయించండి. మీ ముక్కలోనూ ఇలాంటి కూడలి ఉంటుంది, వెతికి పట్టుకోండి.

తర్వాత నోట్స్ మీద ఎనిమిది చోట్ల అంకెలు వేయండి, ప్రతి అంకే ఒక మజిలీ. సాధన ఎనిమిదో దానితో మొదలుపెట్టి వెనక్కి రండి. ఎవరినైనా ఏదో ఒక అంకె చెప్పమనండి. మూడు సెకన్లలో అక్కడి నుంచి ఎత్తుకోలేకపోతే ఆ భాగం మీకు రానట్టే, పూర్తిగా వాయించినప్పుడు ఎంత బాగా వచ్చినా సరే.

ఎడమ చేతిని ఒంటరిగా, నోట్స్ చూడకుండా వాయించి చూడండి. చాలామంది కూలబడేది ఇక్కడే.

చివరి వారంలో ఫింగరింగ్ మార్చవద్దు.

మెట్లు ఎక్కి దిగి, గుండె దడదడలాడుతుండగానే కూర్చుని వాయించండి. ఒక్కసారే. ఆ ఒక్కసారి ఎలా వచ్చిందన్నదే లెక్క.

కచేరీ రోజు పూర్తి వేగంతో పదేపదే వాయించవద్దు. నెమ్మదిగా ఒకసారి చాలు.

ఎవరో ఇచ్చిన గుండెదడ మాత్ర వేసుకోవద్దు. ఆస్తమా ఉన్నవారికి వాటిలో కొన్ని ప్రమాదం. డాక్టర్‌ను అడగకుండా అసలే వద్దు.

చేతులు చల్లబడితే గోరువెచ్చని నీళ్లలో పెట్టండి.

స్టూల్ ఎత్తు సరిచేసుకోకుండా మొదలుపెట్టవద్దు. ఎంతమంది ఎదురుచూస్తున్నా సరే.

ఊపిరి పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలండి, నాలుగైదుసార్లు.

మొదటి బార్ వేగాన్ని దాన్ని చూసి నిర్ణయించవద్దు. కంగారులో అందరూ వేగంగానే ఎత్తుకుంటారు. అన్నిటికన్నా కష్టమైన బార్‌ను మనసులో పాడుకుని, ఆ వేగంతో మొదలుపెట్టండి.

తప్పు పడితే సరిదిద్దవద్దు, వెనక్కి వెళ్లవద్దు. పట్టు తప్పితే ముందున్న మజిలీకి దూకండి. మొదటికి మాత్రం వెళ్లవద్దు.